పోస్టాఫీసు ఇల్లు

జనవరి 17, తిరుపతి

పాకాల అవతల ఉన్న మా పాత పెంకుటిల్లు విప్పేస్తున్నారని, అటక మీద ఒక డాల్డా డబ్బా దొరికిందని, అందులో అన్నీ జాబులేనని మామ ఫోన్ చేసి చెప్పాడు. అవ్వ ఆ డబ్బాను ఎవరినీ ముట్టనివ్వడం లేదట. "పాప వస్తే తీస్తా" అందట. పాప అంటే నేనే. నాకు ముప్పై నాలుగేళ్లు.

సంక్రాంతికి రాలేకపోయాను కాబట్టి, పండగ అయిన రెండో రోజు నాలుగు రోజులు సెలవు పెట్టి తిరుపతిలో దిగాను. నేను వెళ్లేసరికి అవ్వ వరండాలో చాప వేసుకుని, పళ్లెం ముందు పెట్టుకుని అనపగింజలు పితుకుతోంది. మా జిల్లా వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్తాను. చలికాలంలో వచ్చే పచ్చి అనపకాయలు ఒలిచి, ఆ గింజల్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. పొద్దునకి పైతోలు వదులవుతుంది. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా ఒత్తితే లోపలి పప్పు జారి పళ్లెంలో పడుతుంది, తోలు వేళ్లలో మిగిలిపోతుంది. అదే పితికిపప్పు. మార్కెట్లో కాయలు కిలో ఎనభై రూపాయలు పెట్టి తెచ్చాడట మామ. రెండు కిలోలు ఒలిస్తే ఇంటిల్లిపాదికి ఒక పూటకు సరిపోయే పప్పు వస్తుంది, అంతే. అవ్వకు ఎనభై రెండు. కళ్లు సరిగా కనపడవు, వేళ్లకు మాత్రం ఆ లెక్క తెలుసు.

పప్పు పితకడం అయిపోయేదాకా డబ్బా మాట ఎత్తలేదు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మంచం కింద నుంచి తనే లాగింది. పసుపు రంగు పోయి, చెట్టు బొమ్మలో సగం మాత్రమే మిగిలిన డబ్బా. మూత తీయగానే ఎండిన వేపాకు వాసన. లోపల ఇన్‌లాండ్ లెటర్లు నిలువుగా, డబ్బా గోడను ఆనుకుని గుండ్రంగా వంగి ఉన్నాయి. నేల మీద పరిస్తే పరచుకోలేదు. యాభై ఏళ్లు డబ్బాలో ఎలా నిలబడ్డాయో అలాగే వంపు తిరిగి, ఒక్కొక్కటీ చిన్న పడవలాగా నేల మీద ఊగింది. మొత్తం పంతొమ్మిది. అంచుల్లో తుప్పు మరకలు తప్ప పురుగు తగల్లేదు.

అన్నిటి మీదా ఒకటే అడ్రసు, చిత్తూరు గ్రీమ్స్‌పేట. అవ్వ సొంత అక్క, మా పెద్దవ్వ. ఒక్కదాని మీద కూడా పోస్టాఫీసు ముద్ర లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అవ్వా పెద్దవ్వా అక్కాచెల్లెళ్లే కాదు, తోడికోడళ్లు కూడా. అన్నదమ్ములిద్దరినీ చేసుకున్నారు. ఆ అన్నదమ్ములు 1969లో విడిపోయారు. 1976లో పెద్దతాత చనిపోయినప్పుడు మళ్లీ రాకపోకలు మొదలయ్యాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ ఇద్దరు అవ్వలూ పెళ్లిళ్లలో పక్కపక్కనే కూర్చుంటారు, పండగలకు ఫోన్లో మాట్లాడుకుంటారు. కానీ ఆ మాటల్లో ఎక్కడో ఒక ముల్లు ఉండేది. పెద్దవ్వ ఉన్నట్టుండి "నీకు నేనెందుకు గుర్తుంటాలే" అనేది. అవ్వ వెంటనే ఫోన్ అమ్మకు ఇచ్చేసేది.

"ఎందుకు పంపలేదవ్వా?" అని అడిగాను.

"యాడ పంపేది? పోస్టాఫీసు మన ఇంట్లోనే ఉండె కదా" అంది.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. తాత బ్రాంచి పోస్టుమాస్టరు. పల్లెల్లో అప్పుడు, చాలాచోట్ల ఇప్పుడు కూడా, బ్రాంచి పోస్టాఫీసు అంటే ఆ పోస్టుమాస్టరు ఇంటి ముందు గదో పంచో. తాత సేద్యం చేసుకుంటూ రోజుకు కొన్ని గంటలు ఆ పని చూసేవాడు. ఊరి వాళ్లు రాసిన ప్రతి ఉత్తరం డబ్బాలోంచి తీసేది ఆయనే, ముద్ర కొట్టేది ఆయనే, సంచిలో కట్టేది ఆయనే. అన్న ఇంటి పేరు ఎత్తితేనే లేచి వెళ్లిపోయే మనిషి చేతిలోంచి, అన్న ఇంటి అడ్రసు రాసిన ఉత్తరం వెళ్లాలి. వేరే ఊరికి నడిచిపోయి వేయాలంటే పోస్టుమాస్టరు పెళ్లాం పక్క ఊరి డబ్బాలో ఉత్తరం వేసిందని సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది.

"కాగితం దొంగతనంగా తీసుకోలేదు మే" అంది అవ్వ గట్టిగా, నేను అడగకపోయినా. "డబ్బుల పెట్టెలో పదైదు పైసలు వేసే తీసుకున్నా."

రాత్రి భోజనాలయ్యాక వాటిని వరసలో పెట్టడానికి కూర్చున్నాను. అవ్వ ఒక్కదాని మీదా తేదీ వేయలేదు. పైన "శుక్రవారం", "అమావాస్య పోయినాక" అని ఉంటుంది, అంతే. అయినా ఉత్తరం మీదే ఆధారాలు ఉన్నాయి. అన్నిటి మీదా అచ్చు ధర పదిహేను పైసలు. కానీ పదమూడిటి మీద దాని పక్కనే ఇంకో ఐదు పైసల బిళ్ల అంటించి ఉంది, ఇల్లు వదిలి వెళ్తున్న జనం బొమ్మతో. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కాందిశీకుల కోసం ప్రభుత్వం 1971 నవంబరు 15 నుంచి 1973 మార్చి చివరి వరకు ఉత్తరాల మీద అదనంగా ఐదు పైసలు వసూలు చేసింది. కార్డు ముక్కకు అది అక్కర్లేదు, ఇన్‌లాండుకు కావాలి. కాబట్టి ఆ బిళ్ల ఉన్నవన్నీ ఆ పదహారు నెలల్లో రాసినవే.  బిళ్ల ఉన్నవాటిలో నాలుగిటి మీద చిత్తూరు పక్కన పిన్ కోడ్ కూడా ఉంది. పిన్ కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. కాబట్టి అవి చివరివి. బిళ్లా పిన్ కోడూ రెండూ లేని ఆరూ అన్నిటికన్నా ముందువి. అలా మూడు కుప్పలయ్యాయి.

పంపని ఉత్తరానికి అదనపు ఐదు పైసల బిళ్ల ఎందుకు అంటించిందో నేను అవ్వను అడగలేదు. అడగక్కర్లేదు. ప్రతిసారీ పంపాలనే రాసింది.

మొదటి కుప్పలో ఒకదానికి నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. శుభవార్త అన్నమాట. విప్పితే మా అమ్మ పుట్టిన కబురు. ఆ పసుపు మరక మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

తరవాత ఒక తప్పు చేశాను. కొన్ని ఉత్తరాలు జిగురుతో అంటించేసి ఉన్నాయి. చాలావాటికి జిగురు ఎండిపోయి, పలచటి చాకు ఆనిస్తే చాలు, వాటంతటవే విచ్చుకున్నాయి. మధ్య కుప్పలో ఒకటి మాత్రం మొండికేసింది. ఆవిరి పట్టిస్తే జిగురు వదులుతుందని ఎక్కడో విన్నాను. టీ గిన్నె మీద అర నిమిషం పట్టాను. అంచు విచ్చుకుంది, నిజమే. కానీ అది బాల్‌పెన్ను కాదు, సీసాలో పోసి అమ్మే నీలి ఇంకు. నీళ్లు తగిలితే కరుగుతుంది. మడత దగ్గర రెండు వరసలు నా కళ్లముందే నీలంగా అలుక్కుపోయాయి. అవ్వకు చూపించే ధైర్యం లేక, ఆరబెట్టి పుస్తకంలో పెట్టాను. అప్పటికి ఆ ఉత్తరం ఏమిటో నేను చదవలేదు.

పడుకునే ముందు అవ్వే అంది. "నువ్వు చిత్తూరు పోయి చదివి వినిపించి రా. దానికి చదువు రాదు. నన్ను ఎత్తుకుని తిరిగేదానికే వాళ్లు అక్కను బడికి పంపలేదు."

"నువ్వూ రా అవ్వా, కారు మాట్లాడదాం."

"నేను ఎదురుగా ఉంటే అది వినదు. నన్ను చూస్తా ఉంటాది."

జనవరి 18, పాకాల దారిలో

నేరుగా చిత్తూరు వెళ్లకుండా ముందు ఊరికి వెళ్లాలనిపించింది. ఇల్లు పూర్తిగా విప్పేలోగా ఆ పంచ ఒకసారి చూడాలి. పల్లెవెలుగు బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. చంద్రగిరి దాటేదాకా నా పక్కన కూర్చున్న ఆవిడ దోసిలి నిండా వేయించిన చెనిక్కాయలు పోసి, "తినుమ్మా, ఊరికే కూర్చుంటే ఏం" అంది. ఇద్దరం పొట్టు మా ఒళ్లోనే పోసుకుని, దిగేటప్పుడు కాగితంలో చుట్టి తీసుకెళ్లాం.

పాకాలలో ఆటో మాట్లాడాను, నూట యాభై. మా ఊరి పేరు చెప్పి, "పోస్టాఫీసు ఇంటి దగ్గర దింపన్నా" అన్నాను. మా ఇంటికి చిన్నప్పటి నుంచీ నేను విన్న పేరు అదే. అతను మంచి మనిషి, శ్రద్ధగా నన్ను ఇప్పటి పోస్టాఫీసు దగ్గర దింపాడు. అది మా ఊరు కాదు, రెండు కిలోమీటర్ల అవతల ఉన్న పల్లె. ఆటో వెళ్లిపోయాక గానీ నాకు తెలియలేదు.

ఆ పోస్టాఫీసు కూడా ఒక ఇంటి ముందు గదే. చేతిలో చిన్న మెషిన్ పెట్టుకున్న అమ్మాయి పింఛను ముసలాయనకు వేలిముద్ర పట్టిస్తోంది. ఇన్‌లాండు ఎంతమ్మా అంటే రెండున్నర రూపాయలంది, ఆమె దగ్గర ఒక్కటి కూడా లేదని, అడిగేవాళ్లే లేరని చెప్పింది. నేను ఎవరి తాలూకో చెబితే ముసలాయన తల ఎత్తాడు.

"పోస్టుమాస్టరు మనవరాలివా? అయితే ఆయప్ప సంచి మోసినాయన్ని చూసినావా? మీ ఊర్లోనే ఉండాడు. పద, నేనూ ఆ పక్కకే."

చెరువు కట్ట మీదుగా నడిచాం. దారిలో మా బావి చూపించాడు. అందులో నీళ్లు లేవు, తుమ్మచెట్టు మొలిచింది. అన్నదమ్ముల గొడవంతా ఈ బావి గురించే. ముత్తాత తవ్వించిన బావిలో కొడుకులిద్దరికీ చెరిసగం. కపిల కట్టి ఒకరోజు ఒకరు, ఇంకోరోజు ఇంకొకరు నీళ్లు తోడుకునేవాళ్లు. పెద్దతాతకు చిత్తూరులో ఉద్యోగం వచ్చింది. తన భూమినీ, దాంతోపాటు బావిలో తన వంతునూ అమ్మేశాడు. భూమి అమ్ముకుంటే ఎవరూ ఏమీ అనరు. బావి వంతు బయటివాడికి పోతే మాత్రం, మిగిలినవాడు జీవితాంతం రోజు మార్చి రోజు పరాయివాడితో తాడు పంచుకోవాలి. వేసవిలో నీళ్లు అడుగంటితే ముందురోజు తోడుకున్నవాడికే దక్కుతాయి. "నాకు చెప్పకుండా అమ్మినాడు" అని మా తాత. "అడిగితే డబ్బు లేదన్నాడు" అని పెద్దతాత. ఇద్దరూ కాణిపాకం వెళ్లి ప్రమాణాలు చేసుకున్నారు. మా తాత ఇంకో మాట కూడా కలిపి ప్రమాణం చేశాడట, ఆ ఇంటితో తనకు రాకపోకలూ జాబులూ ఉండవని.

ఇల్లు సగం విప్పేశారు. పెంకులు ఒక పక్క, దూలాలు ఒక పక్క. పంచ మాత్రం ఉంది. గోడలో ఉత్తరాల డబ్బా బిగించిన నాలుగు మేకుల గుంతలున్నాయి. అక్కడి నుంచి వంటింటి గడప దాకా అడుగులు లెక్కపెట్టాను. పదకొండు.

సంచి మోసినాయనకు ఎనభై దాటాయి. ఎదురింటి తిన్నె మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. అన్నం తినకుండా కదలనివ్వలేదు. కోడలు రాగిసంగటి ముద్ద తెచ్చి, మధ్యలో గుంత చేసి, అందులో ముందురోజు చేసిన పితికిపప్పు పులుసు పోసింది, పక్కన చెనిక్కాయ ఊరిబిండి. మొదటిరోజు కంటే రెండోరోజే ఆ పులుసుకు రుచి వస్తుంది. ముద్దను నమలకుండా పులుసులో అద్ది మింగాలని నాకు నేర్పిస్తూ తినిపించింది.

తిన్నాక డాల్డా డబ్బా సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మీ తాతకు తెలుసు పాపా."

నేను నమ్మలేదు. ఆయన చేతివేళ్లు మడిచి లెక్క చెప్పాడు. "పోస్టాఫీసులో స్టాంపులూ కార్డులూ ఇన్‌లాండ్లూ ఇన్ని అని లెక్కుంటాది. సాయంత్రం ఎన్ని అమ్మినాం, చేతిలో డబ్బెంత, మిగిలింది ఎన్ని అని రాసి, ఆ కాగితం సంచిలో పెట్టి పాకాలకు పంపాల. రోజూ. మన ఊర్లో వారానికి ఐదారు ఇన్‌లాండ్లు పోతే గొప్ప. అన్నీ ఆయనే తన చేత్తో ఇస్తాడు. ఒక పొద్దు చూస్తే కాగితం ఒకటి తక్కువ. డబ్బు చూస్తే పదైదు పైసలు ఎక్కువ. తాను అమ్మలేదు. దొంగయితే డబ్బు పెట్టడు. ఇంక ఎవరు?"

"మరి ఏమన్నాడు?"

"ఏమీ అనలా. అమ్మినట్టు రాసుకున్నాడు. ఆపొద్దు నుంచి డబ్బా తెరిస్తే, ఉత్తరాలు తీసినాక కూడా చెయ్యి లోపలికంటా పెట్టి అడుగు తడిమేవాడు, మూలమూలా. నేను సంచి పట్టుకుని ఎదురుగా నిలబడుంటిని. అన్నా, ఇంకేముంది, అన్నీ తీసినావు కదా అంటే, ఉండు అనేవాడు."

కాసేపు ఊరుకుని మళ్లీ అన్నాడు. "ప్రమాణం చేసింది ఆయప్ప. మీ అవ్వ చేయలా. డబ్బాలో పడిన జాబుకు ముద్ర కొట్టకపోతే అది తప్పు, ఉద్యోగం పోతాది. కొట్టేవాడే. ఆ జాబు పడల్ల కదా మరి."

తాత 1973 మధ్యలో ఆ పని మానేశాడు, పోస్టాఫీసు పక్క పల్లెకు వెళ్లింది. అవ్వ రాయడం అంతకు కొద్దినెలల ముందే ఆగింది. పోస్టాఫీసు వెళ్లిపోతుందని తెలిసి ఆపిందా, ఆయన చెయ్యి తడమడం చూసి ఆపిందా అని ఆ సాయంత్రమంతా ఆలోచించాను. వంటింటి గడపలో నిలబడితే ఆ డబ్బా కనపడుతుంది. నేను నిలబడి చూశాను.

జనవరి 19, కాణిపాకం మీదుగా చిత్తూరు

రాత్రి ఆ కోడలి ఇంట్లోనే పడుకుని, పొద్దున బస్సెక్కాను. కాణిపాకంలో దిగాలని ముందు అనుకోలేదు, దారిలో బోర్డు చూసి దిగిపోయాను. వినాయకుడు బావిలో వెలిసిన చోటు ఇది. బావి లోతు చేద్దామని దిగిన అన్నదమ్ముల పారకు రాయి తగిలిందని, నీళ్లు ఎర్రబడ్డాయని కథ. ఇప్పటికీ ఇక్కడ అబద్ధం ప్రమాణం చేయడానికి మనుషులు భయపడతారు. చుట్టుపక్కల పల్లెల్లో పంచాయితీ తెగకపోతే చివరి మాట "కాణిపాకం వస్తావా?" అనే. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి చెప్పాలి.

కోనేటి మెట్ల మీద కూర్చుని, పుస్తకంలో పెట్టిన ఆ ఒక్క ఉత్తరాన్ని అప్పుడు చదివాను. ఐదు పైసల బిళ్ల ఉంది, పిన్ కోడ్ లేదు. అంటే 1971 నవంబరుకీ 1972 ఆగస్టుకీ మధ్య. పైన "కాయలు కోసే రోజులు" అని ఉంది, అంటే మామిడికాయలు, ఎండాకాలం. అమ్మ తరవాత, మామ కంటే ముందు, అవ్వకు ఒక ఆడపిల్ల పుట్టి పదకొండో నెలలో పోయిందని మాకు ఎప్పుడో ఒక్కసారి చెప్పారు. ఆ ఉత్తరం అదే. నేను ఆవిరి పట్టింది దానికే. అలుక్కుపోయిన రెండు వరసలు సరిగ్గా మధ్యలో ఉన్నాయి.

బస్టాండు ఎదురుగా ఒక చిన్న హోటల్లో ముప్పై రూపాయలకు రెండు ఇడ్లీలు పెట్టారు, ఒకటే తిన్నాను. వడ్డించే పెద్దాయన "బాగాలేవామ్మా?" అని రెండుసార్లు అడిగాడు. బాగున్నాయని చెప్పి లేచాను.

గ్రీమ్స్‌పేటలో పెద్దవ్వ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పెద్దవ్వకు ఎనభై ఏడు. ఎడమ చెవి వినపడదు. కుడివైపు కూర్చోబెట్టుకుంది. డబ్బా చూసి, "ఇది మా అత్త నెయ్యి పోసుకునే డబ్బా" అంది ముందు. లోపల ఏముందో చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత కోడలితో టీవీ ఆపమంది.

మొదటి ఉత్తరం విప్పి చదవబోతే నా నోరు ఆగిపోయింది. నేను ముందు చూశాను కానీ పట్టించుకోని వరస. అన్నీ అలాగే మొదలవుతాయి. "ఈ జాబు మా అక్కకు చదివి వినిపించేవారికి నమస్కారములు." అక్కకు చదువు రాదు కాబట్టి ఎవరో ఒకరు చదవాలి కదా. బావ కావచ్చు, పోస్టుమ్యాను కావచ్చు, పక్కింటి బడిపిల్ల కావచ్చు. ఆ ఎవరో ఒకరికి అవ్వ ముందుగా నమస్కారం పెట్టింది. అమ్మ పుట్టని రోజుల్లో రాసిన నమస్కారం నాకు అందింది.

ఒక్కొక్కటీ చదివాను. వాటిలో గొప్ప మాటలేమీ లేవు. ఆవు ఈనింది, జున్ను పాలు పోయడానికి నువ్వు లేవు. కపిల తాడు తెగింది. నీ పచ్చరంగు చీర నా దగ్గరే ఉంది, చెదలు పట్టకుండా ఎండలో వేస్తున్నాను. పసుపు మూలల ఉత్తరం విని పెద్దవ్వ ఆ కాగితం తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "నేను ఆడ ఉండుంటే నీళ్లు నేనే పోసేదాన్ని" అంది.

తొమ్మిదోదో పదోదో అయ్యాక ఆమే అడిగింది. "బిడ్డ పోయింది రాసిందా?"

నేను తలూపాను.

"రాసిందా!" అంది మళ్లీ. "నాకు మూడు నెలలకు తెలిసింది మే. మామిడికాయల మండీలో మన ఊరాయన ఎవరో మీ పెద్దతాతకు చెప్పినాడు. ఎంత పగ ఉన్నా బిడ్డ పోతే అక్కకు కబురు పెట్టరా? నేను అంత కానిదాన్నయిపోతినా? యాభై ఏండ్లు అదే అనుకున్నా."

చదివాను. జ్వరం మూడు రోజులు ఉందని, పాకాల డాక్టరు దగ్గరికి బండి కట్టేలోగా అయిపోయిందని, "అక్కా నువ్వు వచ్చి" అని ఉంది. అక్కడి నుంచి నీలం. ఆ కింద "చీకటి పడింది, దీపం పెట్టాల" అని ఉంది.

నేను ఆగిపోతే పెద్దవ్వ నా మోచెయ్యి తట్టింది. "వచ్చి? వచ్చి ఏం చేయమంది?"

జరిగింది చెప్పాను. నా చేతుల్లోనే పాడయిందని చెప్పాను. ఆమె కోప్పడలేదు. కాగితం మీద ఆ నీలి మరకను చూపించమంది. అక్షరాలు రాని కళ్లకు ఆ మరకా, పక్కనున్న వరసలూ ఒకటేనేమో, వేలు పెట్టి అటూ ఇటూ తడిమింది. తరవాత "ఫోన్ చెయ్యి" అంది.

చేశాను. "అవ్వా, బిడ్డ జాబులో రెండు వరసలు పోయినాయి. అక్కా నువ్వు వచ్చి అన్న తరవాత ఏం రాసినావు?"

అవతల చాలాసేపు చప్పుడు లేదు. వెనకాల తిరుపతి వీధిలో ఆటో హారన్ వినపడింది.

"ఏం రాసినానో గుర్తులేదు మే. యాభై ఏండ్లాయ" అంది అవ్వ. "అక్కకు ఇయ్యి. ఇప్పుడు చెప్తా."

ఫోన్ పెద్దవ్వ కుడి చెవికి పెట్టాను. ఆమె నా చేతిలోంచి తీసుకుని, గోడ పట్టుకుని లేచి, మెల్లగా పెరట్లోకి వెళ్లింది. నేనూ కోడలూ వంటింట్లో ఉండిపోయాం. పెరట్లోంచి మాటలు వినపడలేదు, మధ్యమధ్యలో "ఊ", "ఊ" అని మాత్రం వినపడింది. కోడలు టీ పెట్టింది. అది చల్లారి తొరక కట్టింది. మళ్లీ పెట్టింది.

జనవరి 20, తిరిగి తిరుపతి

ఉత్తరాలు పెద్దవ్వే ఉంచుకుంది. మిగిలినవి పక్కింటి అమ్మాయి చేత రోజుకొకటి చదివించుకుంటానంది, ఒక్కరోజే అన్నీ వినేస్తే రేపటికి ఏముంటుందని. ఆ అమ్మాయికి తొమ్మిదో తరగతి. మొదటి వరసలో తనకో నమస్కారం ఉందని ముందే చెప్పి వచ్చాను.

డబ్బా మాత్రం తిరిగి ఇచ్చింది, ఖాళీగా కాదు. ఒకరి ఇంటి గిన్నె ఖాళీగా పంపకూడదు కదా. తుప్పు గోకి, కడిగి, లోపల అరిటాకు పరిచి, పండక్కి చేసిన నిప్పట్లు నిలువుగా పేర్చింది. అరిసెల్ని మా వైపు నిప్పట్లు అంటాం. మూత మీద గుడ్డ కట్టి, బస్సులో ఒళ్లోనే పెట్టుకోమని, కింద పెట్టొద్దని మూడుసార్లు చెప్పింది. అలాగే పెట్టుకుని వచ్చాను.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. అవ్వ గుడ్డ విప్పి, లోపలికి చూసి, చెయ్యి పెట్టి అడుగు దాకా తడిమింది. ఒక నిప్పటి తీసి విరిచింది. అది కాస్త గట్టిగా విరిగింది. సగం నాకిచ్చి, సగం నోట్లో పెట్టుకుని చాలాసేపు చప్పరించింది.

"పాకం ముదిరింది" అంది. "అక్క ఎప్పుడూ ఇంతే."

ఇంకోటి తీసుకుంది.